ఇరుసు నట్టులో ఇరుక్కున్న పిన్ను

ఎడ్లబండి ఇరుసు చివర ఒక ఇనప చీల ఉండేది. చక్రం జారి బయటికి రాకుండా ఆపేది అదే. ఎడ్లబండి స్థానంలో ట్రాక్టర్ ట్రాలీ వచ్చాక కూడా ఇరుసు చివర ఒక చీల మిగిలింది, కాకపోతే అది వేలెడు పొడవున్న తీగ ముక్క. పని కూడా మారింది. ట్రాలీ చక్రాన్ని పట్టి ఉంచేది ఇరుసు చివర బిగించిన పెద్ద నట్టు. ఆ నట్టు తనంతట తాను తిరిగి వదులైపోకుండా చూసేది ఈ తీగ ముక్క. దీన్నే మెకానిక్కులు స్ప్లిట్ పిన్ను అంటారు, కొందరు కాటర్ పిన్ను అంటారు. షాపులో అడిగేటప్పుడు మొదటి పేరు చెప్పడమే మంచిది. సైకిలు సామాన్ల షాపులో కాటర్ పిన్ను అడిగితే పాతకాలపు పెడల్ క్రాంకుకు కొట్టే, ఒకవైపు ఏటవాలుగా చెక్కిన చీల చేతిలో పెడతారు. అది వేరు, ఇది వేరు.

చక్రం విప్పి బేరింగులకు గ్రీజు మార్చాలంటే ముందు ఈ పిన్ను బయటికి రావాలి. కొత్తగా వేసిన పిన్నయితే అర నిమిషం పని. నాలుగు వానాకాలాలు చూసిన పిన్నయితే, తొందరపడ్డవాడి చేతిలో ముక్కలై ఇరుసు లోపలే ఉండిపోతుంది. ఆ మీద జరిగే నష్టం పిన్నుకు కాదు, ఇరుసు త్రెడ్డుకు.

మా బాబాయి ట్రాలీకి ఎడమ చక్రం గరగరమంటోందని తొలకరికి ముందు ఇద్దరం కలిసి విప్పాం. కుడి వైపు పిన్ను ఐదు నిమిషాల్లో వచ్చింది. ఎడమ వైపు పిన్ను ఆ సాయంత్రం మొదలుపెడితే మర్నాడు పొద్దున వచ్చింది. ఈ రెండు పిన్నుల మధ్య తేడా ఏమిటో చెప్పాలంటే ముందు పిన్ను ఎలా ఉంటుందో చూడాలి.

సగం గుండ్రంగా ఉన్న తీగను మధ్యలో మడిచి, రెండు చదును ముఖాలూ ఒకదానికొకటి ఆనేలా దగ్గరికి నొక్కితే స్ప్లిట్ పిన్ను అవుతుంది. మడిచిన చోట ఉంగరంలా చిన్న కన్ను మిగులుతుంది, అది పిన్నుకు తల. రెండో చివర రెండు కాళ్ళు ఉంటాయి, వాటిలో ఒకటి కాస్త పొడవు. మెత్తటి ఇనుముతో చేస్తారు, చేత్తో వంచడానికి వీలుగా ఉండాలి కదా. ఇరుసు చివర, సరిగ్గా త్రెడ్డు ఉన్న చోటే, అడ్డంగా ఒక బెజ్జం ఉంటుంది. మా ట్రాలీకి అది 5 మిల్లీమీటర్లు. అందులో వేసే పిన్నును కూడా 5 అనే అమ్ముతారు, కానీ కొలిస్తే నాలుగున్నర చుట్టూ ఉంటుంది. పేరు బెజ్జానిది, ఒళ్ళు మాత్రం కాస్త సన్నం. ఆ అర మిల్లీమీటరు సందు ఉండబట్టే పిన్ను సులువుగా దూరుతుంది. ఏళ్ళు గడిచాక తుప్పు చేరేదీ ఆ సందులోకే.

ఇక నట్టు. దాని పై అంచు కోట బురుజు మీది గోడలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది, అందుకే క్యాజిల్ నట్టు అంటారు. పళ్ళ మధ్య ఆరు గాట్లు. ఒక గాటులోంచి పిన్ను దూరి, ఇరుసు బెజ్జం గుండా పోయి, ఎదుటి గాటులోంచి కాళ్ళు బయటికి వస్తాయి. ఆ కాళ్ళను వంచితే పిన్ను ఊడదు, పిన్ను ఉన్నంతవరకు నట్టు తిరగదు. కాళ్ళు వంచిన చోటికీ ఇరుసు బెజ్జానికీ మధ్య నట్టు గోడ మందం అంత దూరం ఉందని గుర్తుపెట్టుకోండి. ఆ కాస్త మేర పిన్ను వంగకుండా నిటారుగానే ఉంటుంది. తర్వాత అది మనకు చాలా పనికొస్తుంది.

పిన్ను ఎందుకు బిగుసుకుంటుంది? మొదటిది తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్న చోటు సరిపోదు, ఉబ్బుతుంది. డస్ట్ క్యాప్ సరిగ్గా మూయని హబ్బులోకి కాలవ నీళ్ళు, బురద చేరితే పిన్నుకీ బెజ్జానికీ మధ్య ఉన్న ఆ సందంతా తుప్పుతో నిండిపోయి ఆప్పు కొట్టినట్టు బిగుస్తుంది. రెండోది చాలామంది గమనించనిది. బేరింగు అరిగి హబ్బు ఊగుతున్నప్పుడు నట్టు కొద్దికొద్దిగా తిరగాలని చూస్తుంది. అప్పుడు గాటు అంచు పిన్నును ఒక వైపుకు నొక్కుతుంది, ఇరుసు బెజ్జం అంచు రెండో వైపు నుంచి నొక్కుతుంది. కత్తెర రెండు అలుగుల మధ్య తీగ పెట్టినట్టే. ఇలా నలిగిన పిన్నుకు నడుములో చిన్న మెలిక పడుతుంది. దాన్ని ఎంత లాగినా ఆ మెలిక బెజ్జం అంచుకు తట్టుకుని ఆగిపోతుంది.

మా ఎడమ పిన్నుకు ఈ రెండు జబ్బులూ ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు ట్రాలీ ఖాళీ చేసి, ట్రాక్టరుకు తగిలించే ఉంచి, రెండో వైపు చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. పిన్ను తీయడానికి జాకీ అక్కర్లేదు, చక్రం నేల మీద ఉండగానే తీయొచ్చు, అదే క్షేమం. కళ్ళద్దాలు పెట్టుకోవడం మరవకండి. తెగిన కాలు ముక్క ఎగిరి కంటికి తగిలితే చిన్న దెబ్బ కాదు.

డస్ట్ క్యాప్ తీసి పాత గ్రీజంతా గుడ్డతో తుడిచి, వైర్ బ్రష్షూ కాస్త డీజిలూ పెట్టి నట్టు ముఖం శుభ్రం చేశాం. ఇది వదిలేసేవాళ్ళే ఎక్కువ. మురికిలో పిన్ను తల ఏ వైపు ఉందో, కాళ్ళు ఎటు వంచారో కనబడదు. కాళ్ళ వైపు తలనుకుని సుత్తి వేస్తే అవి రివిట్టులా చితికి ఇంకా వెడల్పవుతాయి. పిన్ను ఎప్పుడైనా తల వైపుకే బయటికి వస్తుంది. శుభ్రం చేశాక ఇరుసు చివర బయటికి కనబడుతున్న త్రెడ్డును కూడా బ్రష్షుతో రుద్ది పెట్టుకోవాలి, ఎందుకంటే నట్టు బయటికి రావాల్సింది దాని మీదుగానే.

తర్వాత నూనె. తుప్పు వదిలించే స్ప్రే ఉంటే మేలు, లేకపోతే డీజిలైనా సరే. తల వైపు గాటులోనూ కాళ్ళ వైపు గాటులోనూ రెండింట్లోనూ పోయాలి. అక్కడున్న సందు వెంట్రుకంత, నూనె లోపలికి నిదానంగా పాకుతుంది. మధ్యమధ్యలో చిన్న సుత్తితో పిన్ను తల మీద టకటకమని తేలిగ్గా తట్టాలి. ఆ అదురుకు తుప్పు పొర పగుళ్ళు వారి నూనెకు దారి దొరుకుతుంది. కారుకో బ్రేకులున్న ట్రాలీకో ఈ పని చేస్తుంటే నూనె బ్రేక్ లైనింగుల మీదికి కారకుండా కింద గుడ్డ పెట్టుకోవాలి.

కుడి పిన్నుకు అరగంట ఆగాం. దాని కాళ్ళ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిన్నులు ఎక్కువగా తెగేది ఇక్కడే. వంచిన కాలును నిటారు చేయడానికి కటింగ్ ప్లేయరుతో మొదట్లో పట్టుకుని ఒక్కసారిగా ఎత్తితే, వంపు ఉన్న చోటే మళ్ళీ వంగి పగులుతుంది. ఒకసారి వంగిన ఇనుము ఆ చోట గట్టిపడి పెళుసవుతుంది, రెండోసారి వంగడానికి ఒప్పుకుంటుంది, మూడోసారి తెగుతుంది. అందుకని ముందు స్క్రూడ్రైవర్ మొనతో కాలు కొసను కొంచెం లేపి, నోస్ ప్లేయరుతో కొస నుంచి మొదలు దాకా కొద్దికొద్దిగా నెమ్మదిగా సాపు చేయాలి. రెండు కాళ్ళూ సాపయ్యాక వాటిని కలిపి నొక్కితే పిన్ను మళ్ళీ ఒకే తీగలా అవుతుంది. కుడి పిన్ను అలాగే అయింది. కంట్లో నోస్ ప్లేయర్ మొన దూర్చి నేరుగా లాగితే వచ్చేసింది.

ఎడమ పిన్ను కాళ్ళు తుప్పుకు తినేసి సగం సన్నబడి ఉన్నాయి. బాబాయి వాటిని లేపబోయాడు, నేను ఆపాను. అలాంటి కాళ్ళను సాపు చేయడం దండగ. పాత పిన్నును ఎలాగూ తిరిగి వాడం, కాబట్టి దాని కాళ్ళను కాపాడాల్సిన పని లేదు. మనం కాపాడాల్సింది లోపలున్న నడుమును. కాళ్ళు నట్టు అంచు దగ్గరే, వంపు మొదలయ్యే చోటే కట్ చేసేశాను. వంపంతా కాళ్ళతో పాటు పోయింది, గాటులో మిగిలింది నిటారు ముక్క. కటింగ్ ప్లేయర్ పళ్ళ మధ్య తెగిన తీగ కొస కొంచెం నొక్కుకుపోయి పక్కలకు వెడల్పవుతుంది. దాన్ని అలాగే బెజ్జంలోకి నెడితే మేకులా బిగుస్తుంది. అందుకే సన్నటి ఆకురాయితో ఆ కొసను గుండ్రంగా రాసి, అప్పుడు మళ్ళీ నూనె పోశాం.

తలను పట్టుకుని లాగితే రాలేదు. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. బిగుసుకున్న దాన్ని ముందు లోపలికి తట్టాలి, తర్వాత బయటికి లాగాలి. తల మీద ఒక చిన్న దెబ్బ, కొస మీద ఒక చిన్న దెబ్బ, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలినా తుప్పు పట్టు వదులుతుంది. తలను బయటికి లాగడానికి కంట్లో ఒక లావాటి ఇనప కడ్డీ దూర్చి, ఆ కడ్డీకి రెండు వైపులా మార్చి మార్చి తట్టాలి. ఒక వైపే కొడితే కన్ను సాగి చిరిగిపోతుంది. కొందరు ప్లేయరుతో కన్ను పట్టి, దాన్నే మీటలా నట్టు మీదో ఇరుసు మీదో ఆనించి దొర్లిస్తారు. నట్టు మీద ఆనిస్తే ఫరవాలేదు. ఇరుసు కొస మీద ఆనిస్తే ప్లేయర్ మూపు త్రెడ్డు అంచులను నలిపేస్తుంది. ఆనించక తప్పదంటే మధ్యలో ఒక చెక్క ముక్క పెట్టండి.

మాకు ఆ ఉపాయం కూడా పారలేదు. కన్ను సాగడం మొదలవగానే లాగడం ఆపేశాను. అప్పుడే రెండో జబ్బు గుర్తొచ్చింది. టార్చి వేసి చూస్తే గాటు మధ్యలో పిన్ను లేదు, గాటు ఒక గోడకు గట్టిగా ఆనుకుని ఉంది. అంటే నట్టు విప్పుకునే వైపుకు తిరగాలని చూసి పిన్నును నొక్కి పట్టింది. నట్టుకు పానా పెట్టి బిగించే వైపుకు చేత్తో మాత్రమే, కొంచెం, అంటే పిన్నుకూ గాటు గోడకూ మధ్య కాగితమంత సందు కనబడేంత నెట్టాను. దీనికి హద్దు ఉంది. పానాకు పైపు తగిలించి బలం పెట్టకూడదు, చేతికి లొంగకపోతే వదిలేయాలి. పిన్ను లోపలుండగా నట్టును బలంగా తిప్పితే అది కత్తెరలా తెగుతుంది. మాది లొంగింది. సందు కనబడ్డాక మళ్ళీ నూనె పోసి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి ఇంటికి పోయాం.

పొద్దున పంచ్ పెట్టాం. బెజ్జం 5 మిల్లీమీటర్లు కనుక 4 మిల్లీమీటర్ల పంచ్ తీసుకున్నాను. పొడవునా ఒకే లావున్నది, కొస చదునుగా ఉన్నది. ఇక్కడ చాలామంది చేతికందిన మేకునో సెంటర్ పంచ్‌నో పెడతారు. పిన్ను అంటే పక్కపక్కన ఉన్న రెండు సగాలు అని మరవకూడదు. మొనదేలిన మేకు ఆ రెండింటి మధ్య చీలికలోకి దిగి వాటిని విడదీస్తుంది, విడిపోయిన కొద్దీ అవి బెజ్జం గోడలకు ఇంకా బిగుస్తాయి. చదును పంచ్ అయితే రెండింటినీ ఒకేసారి నెడుతుంది. పంచ్ బెజ్జానికి నేరుగా ఉండాలి. ఏ మాత్రం వాలినా దాని అంచు బెజ్జం మూతిని కొడుతుంది, ఆ మూతి ఉన్నది త్రెడ్డు మీదే. బెజ్జం అడ్డం వచ్చిన చోట త్రెడ్డు తెగి కత్తి అంచులా సన్నగా ఉంటుంది, చిన్న దెబ్బకే మడత పడుతుంది. సుత్తి పావు కిలో చాలు. పెద్ద సుత్తి దెబ్బలు ఇరుసు దాటి బేరింగు మీద పడతాయి.

పదో పన్నెండో దెబ్బలకు చప్పుడు మారింది. అప్పటిదాకా టంగు టంగుమంటూ గట్టిగా వచ్చిన చప్పుడు మొద్దుగా డబ్బుమంది. పిన్ను కదిలిందనడానికి కంటికన్నా ముందు చెవికే తెలుస్తుంది. ఇంకో నాలుగు దెబ్బలకు తల వైపు ఎర్రటి పొడి రాలుతూ పిన్ను బయటికి వచ్చింది. నడుములో మెలిక స్పష్టంగా కనబడింది.

అది రాకుండా లోపలే తెగి ఉంటే? అంతకు ముందు ఏడాది మా ఊళ్ళోనే ఇంకో ట్రాలీకి అలా జరిగింది. ఓపిక లేక పానాకు నాలుగడుగుల పైపు తగిలించి నట్టు తిప్పేశారు. పిన్ను మూడు ముక్కలైంది. తలా కాళ్ళూ గాట్లలోంచి ఊడిపడ్డాయి, నడుము ఇరుసు లోపలే ఉంది. నట్టు తిరుగుతోంది కదా అని తిప్పుతూనే పోయారు. తెగిన నడుము ముక్క అంచులు బెజ్జం మూతి దగ్గర పైకి లేచి ఉన్నాయి. నట్టు లోపలి త్రెడ్డు వాటిని ఈడ్చుకుంటూ వెళ్ళి ఇరుసు త్రెడ్డును చివరిదాకా చెక్కేసింది. చివరికి ఇరుసు లేత్ షాపుకు పోయింది.

అందుకని నా లెక్కలో ఒకటే నియమం. బెజ్జంలోంచి అవతలి వెలుగు కనబడేదాకా నట్టును విప్పడానికి పానా పెట్టకూడదు. పిన్ను తెగిపోయినా సరే, నట్టును అక్కడే ఆపి, గాటును బెజ్జానికి ఎదురుగా తెచ్చి, నడుము ముక్కను పంచ్‌తోనే బయటికి పంపాలి. పొట్టి ముక్క కనుక సాధారణంగా మొత్తం పిన్నుకన్నా తేలిగ్గా కదులుతుంది. కదలకపోతే డ్రిల్లింగ్ ఆలోచన వస్తుంది. అది చివరి దారి, చేయి తిరిగినవాళ్ళకే వదలాలి. రెండు సగాల మధ్య చీలిక ఉంటుంది కాబట్టి డ్రిల్ బిట్టు నడిమధ్య నిలవదు, చీలిక వెంట జారి బెజ్జం గోడను తినేస్తుంది. దానికన్నా నట్టును బలిచ్చేయడం మేలు. నట్టు పళ్ళను ఉలితోనో గ్రైండరుతోనో ఇరుసుకు తగలకుండా తీసేస్తే ముక్క చుట్టూ చోటు దొరుకుతుంది, నూనె పోయడానికీ పంచ్ నిలపడానికీ వీలవుతుంది. పిన్ను అన్నిటికన్నా చవక, తర్వాత నట్టు, ఇరుసు ఖరీదు వాటికి ఎన్నో రెట్లు. ఏదో ఒకటి పోక తప్పదంటే ఆ వరసలోనే పోనివ్వాలి.

మా బెజ్జంలోంచి వెలుగు కనబడింది. అయినా వెంటనే నట్టు విప్పలేదు. గాటులోంచి సన్నటి ముక్కోణపు ఆకురాయి మొన దూర్చి బెజ్జం మూతి చుట్టూ లేచిన పొరను రెండు రాతల్లో తీసేశాను, నూనె చుక్క వేశాను. ఇరుసు త్రెడ్డు ఎటు తిరుగుతుందో కూడా ఒకసారి కంటితో చూసుకున్నాను. కొన్ని బండ్లకు ఎడమ వైపు త్రెడ్డు తిరగేసి ఉంటుంది, తెలియక విప్పబోయి బిగించేస్తారు. నట్టు ముందు పావు చుట్టు వచ్చి బరువెక్కింది. బరువెక్కగానే వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు, ఇలా రెండడుగులు ముందుకు ఒకడుగు వెనక్కి నడిపిస్తే రాలిన చెత్త త్రెడ్డులో ఇరుక్కోకుండా పక్కకు పోతుంది. గాలి గన్ను పెట్టి విప్పితే చేతికి ఆ బరువు తెలియదు. అందుకే ఈ నట్టుకు చేతి పానాయే వాడతాను.

బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టి తిరిగి బిగించేటప్పుడు చక్రాన్ని జాకీ మీద తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి వదిలాం. బెజ్జానికి ఏ గాటూ సరిగ్గా ఎదురు రాలేదు. బాబాయి, ‘ఇంకాస్త బిగిస్తే కలుస్తుంది కదరా’ అన్నాడు. మా ఇరుసుకు నట్టు ఒక చుట్టు తిరిగితే 2 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒక గాటు నుంచి పక్క గాటుకు ఆరోవంతు చుట్టు, అంటే మిల్లీమీటరులో మూడోవంతు. ఈ రకం కోను బేరింగు అంత అదనపు బిగువును తట్టుకోలేదు, కాలిపోతుంది. ఇలాంటి హబ్బులో గాటు కలవకపోతే వెనక్కే రావాలి, ముందుకు పోకూడదు. వెనక్కి వచ్చాక చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూశాం. అతి కొద్దిగా, వేలికి తెలిసీ తెలియనంత ఆట ఉంది. అది సరైనదే.

కొత్త పిన్ను 5 సైజుదే వేశాం. సన్నటిది వేస్తే బెజ్జంలో ఆడి ఆడి అరిగిపోతుంది, మేకు వేస్తే వచ్చే ఏడు తీసేవాడి గతి చెప్పక్కర్లేదు. దూర్చే ముందు పిన్నుకు గ్రీజు పూశాను. పొడవు కాలును ఇరుసు కొస మీదుగా వంచి కొస కత్తిరించాను, రెండో కాలును నట్టు పక్కకు అణిచాను. డస్ట్ క్యాప్ కొట్టి చక్రం తిప్పితే క్యాపుకు ఏదీ రాసుకోలేదు. బాబాయి జాకీ దించాడు.